‘పండగలోపు ఇచ్చేద్దాం’ అన్న మాటను గడువుగా మార్చడం ఎలా?

స్టేటస్ కాల్ ముగిశాక మినిట్స్ రాసే ఉద్యోగికి ఎదురయ్యే ఇబ్బంది సమాచారం తక్కువై వచ్చేది కాదు. నలభై నిమిషాల సంభాషణలో పది పన్నెండు పనుల ప్రస్తావన వస్తుంది, ప్రతి దానికీ ఎవరో ఒకరు సరేనంటారు. కాల్ అయ్యాక కాగితం ముందు పెట్టుకుంటే మాత్రం ఏ పని ఎవరిదో, ఏ తేదీకి కావాలో తేలదు. అక్కడ చేతికందిన తేదీ వేసి గడి నింపేయడం సులువు. ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు కూడా అదే. ఒక పని జాబితాలోంచి జారిపోతే వచ్చే వారం ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఎవరూ ఇవ్వని తేదీ జాబితాలోకి ఎక్కితే అది నిజంలా చెలామణి అవుతుంది, దాని మీద ఇంకో నాలుగు పనుల తేదీలు ఆధారపడతాయి, అసలు ఆ తేదీ ఎవరిదని అడిగే అవకాశం పోతుంది.

విషయాన్ని ఊహించిన ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. విజయనగరం జిల్లాలో గజపతినగరం వైపు ఒక పల్లెకు మంచినీటి పథకం కడుతున్నారనుకుందాం. ఓవర్‌హెడ్ ట్యాంకు గోడకు అంచెలంచెలుగా పోసే కాంక్రీటులో, అంటే లిఫ్టుల్లో, ఆఖరిదొక్కటే మిగిలింది, పైపులైను సగం పడింది, మోటారుకు కరెంటు ఇంకా రాలేదు. 2025 సెప్టెంబరు 12, శుక్రవారం సాయంత్రం పథకం బాధ్యత చూసే ఇంజినీరింగ్ అధికారి డీఈ ఫోనులో సమీక్ష జరిపారు. లైనులో ఆయన కింద పనిచేసే ఇంజినీరు ఏఈ, కాంట్రాక్టరు, విద్యుత్ విభాగం నుంచి ఒక ఇంజినీరు, మినిట్స్ రాసే సహాయకుడు ఉన్నారు. ముఖ్యమైన మాటలు ఆరు. కాంట్రాక్టరు, “గోడ ఆఖరి లిఫ్టు సోమవారం ఏసీస్తాం సార్, కూలీలు దొరికితే” అన్నాడు. పైపుల గురించి ఏఈ, “కంపెనీవాళ్లతో మాట్లాడేను, లోడు బేగి వచ్చేస్తుందంటున్నారు” అన్నాడు. విద్యుత్ ఇంజినీరు, “మీ డబ్బులు కట్టిన రసీదు అందగానే నాలుగు రోజుల్లో చేయించేస్తాం” అంటే, ఏఈ “దరఖాస్తు సంగతి నేను చూస్తాను” అన్నాడు. మధ్యలో డీఈ, “ఆ రోడ్డు తవ్వకం అనుమతి ఒకసారి చూడండి” అన్నారు, ఎవరూ బదులివ్వలేదు, మాట వేరే విషయం మీదికి మళ్లింది. చివర్లో కాంట్రాక్టరు, “పండగలోపు నీళ్లిచ్చేద్దాం సార్” అనడంతో కాల్ ముగిసింది.

మొదటి మెట్టు, ఈ మాటలను అన్నవి అన్నట్టే రాసుకోవడం. సారాంశంగా మార్చితే ఆధారం పోతుంది. “కాంట్రాక్టరు సోమవారం గోడ పూర్తి చేస్తానన్నారు” అని రాసిన క్షణంలోనే ‘కూలీలు దొరికితే’ అన్న షరతు మాయమవుతుంది. రికార్డు చేస్తున్నట్టు అందరికీ ముందే చెప్పి, అనుమానం ఉన్నచోట మళ్లీ వినాలి. ఉత్తరాంధ్ర మాటతీరులో ఇది మరీ అవసరం. ఇక్కడ ‘పంపేను’ అంటే పంపానని అర్థం, ‘పంపను’ అంటే పంపేది లేదని. ‘కట్టేను’, ‘కట్టను’ కూడా అంతే. సిగ్నల్ సరిగా లేని చోట ఈ రెంటి మధ్య ఉన్న ఒక్క అచ్చు చెవికి అందకపోతే జరిగిపోయిన పని జరగని పనిగా, జరగని పని జరిగిపోయినదిగా నమోదవుతుంది. ‘పంపీసేను’కూ ‘పంపీస్తాను’కూ ఉన్న తేడా కూడా ఇలాంటిదే, ఒకటి అయిన పని, మరొకటి కావలసిన పని.

రెండో మెట్టులో ప్రతి మాటా ఏ జాతిదో తేల్చాలి. హామీ వేరు, కబురు వేరు, కోరిక వేరు, ఎవరూ అందుకోని ఆదేశం వేరు. ఈ తేడా చాలావరకు క్రియాపదం చివర్లోనే దొరుకుతుంది కాబట్టి తెలుగు వ్యాకరణాన్ని కాస్త నిదానంగా చూడటం మంచిది.

‘ఇచ్చేద్దాం’ అన్న రూపంలో కర్త ఎప్పుడూ ‘మనం’. వినేవాడినీ కలుపుకుని పిలిచే మాట అది. వినడానికి ఎంతో ఉత్సాహంగా ఉంటుంది, కానీ దానిలో అన్నవాడు ఒక్కడే మోసే బరువు ఏదీ ఉండదు. ‘చూద్దాం’, ‘చేయిద్దాం’, ‘మాట్లాడదాం’ అన్నవీ ఆ కోవలోనివే. కాబట్టి ఇలాంటి మాట ఒంటరిగా కనిపిస్తే అది హామీగా లెక్కకు రాదు, కోరికగానే రాసుకోవాలి. ‘చేస్తాం’ అన్న రూపం మరో రకం. దానికి కర్త ‘మేము’ కావచ్చు, ‘మనం’ కావచ్చు, రెంటికీ క్రియ ఒకటే. కాంట్రాక్టరు ‘ఏసీస్తాం’ అన్నప్పుడు అది తన మనుషుల గురించేనని సందర్భం చెబుతోంది. అదే మాట డీఈ అని ఉంటే ఏ ఆఫీసు పనో అడిగి తెలుసుకోవలసి వచ్చేది.

ఏఈ అన్న ‘నేను చూస్తాను’లో చిక్కు ఇంకా లోతుగా ఉంది. తెలుగులో అలవాటుగా జరిగే పనికీ, ముందు జరగబోయే పనికీ క్రియారూపం ఒక్కటే. ‘దరఖాస్తుల సంగతి నేను చూస్తాను’ అంటే ఆ విభాగం నాదే అని చెప్పడం కావచ్చు, ఈ దరఖాస్తు నేను పెడతానని ఒప్పుకోవడమూ కావచ్చు. ‘చూసుకుంటాను’ అని ఉంటే బాధ్యత తన మీద వేసుకున్నట్టు కొంత బలంగా చెప్పవచ్చు. ‘చూస్తాను’తో అంత దూరం పోలేం. విద్యుత్ ఇంజినీరు వాడిన ‘చేయించేస్తాం’లో ఇద్దరు దాగి ఉన్నారు, చేయించేవారొకరు, చేసేవారొకరు. జాబితాలో బాధ్యుడి గడిలో చేయించేవారి పేరే ఉండాలి, ఎందుకంటే కాల్‌లో ఉన్నది ఆయనే, రేపు అడగగలిగేదీ ఆయననే.

ఇక ‘వచ్చేస్తుందంటున్నారు’. ‘అంటున్నారు’ చేరితే ఆ మాట మరొకరి నోటిది. ఏఈ ఇక్కడ కబురు మోసుకొచ్చాడు తప్ప ఏదీ ఒప్పుకోలేదు. దీనిని “పైపులు త్వరలో వస్తాయి, బాధ్యుడు ఏఈ” అని రాస్తే ఆయన చేతిలో లేని పనిని ఆయన నెత్తిన పెట్టినట్టవుతుంది. ఆయన చేయగలిగిన పని వేరే ఉంది: లోడు బయలుదేరే తేదీని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించడం. జాబితాలోకి ఎక్కవలసినది అదే. ‘అయిపోయినట్టే అనుకోండి’ అన్న మాట కూడా ఈ కోవలో జాగ్రత్తగా చూడదగినది, అది ఎప్పుడూ ఇంకా కాని పనిని గురించే వస్తుంది.

డీఈ ‘ఒకసారి చూడండి’ అన్నారు. అది ఆదేశమే, కానీ ‘చూడండి’లోని గౌరవ బహువచనం ఏఈకీ తగులుతుంది, కాంట్రాక్టరుకూ తగులుతుంది, ఇద్దరికీ కలిపి కూడా తగులుతుంది. పెద్ద అధికారి మాటకు అందరూ మౌనంగా ఉంటే ఒప్పుకున్నారని అనుకోవడం ఆఫీసుల్లో అలవాటు. ఈ ఉదాహరణలో రోడ్డు తవ్వకం అనుమతి లేకుండా మిగతా సగం పైపులైను పడదు. అంత ముఖ్యమైన పనికి బాధ్యుడు లేడు. ఇక్కడ రాసేవారు ఎవరి పేరూ ఊహించి పెట్టకూడదు. పనిని జాబితాలో పెట్టి, బాధ్యుడి గడిని ఖాళీగా ఉంచి, ఆ ఖాళీ డీఈ కంటికి ఆనేలా పైన చూపించాలి. ఖాళీ గడి చూస్తే రాసినవారు పని సగంలో వదిలేశారన్న అభిప్రాయం కలగవచ్చు. అయినా ఆ ఖాళీయే కాల్‌లో జరిగిన నిజం.

మూడో మెట్టు గడువులది. ప్రతి గడువు పక్కన అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క మాటలో రాయడం ఈ పద్ధతికి ఆయువుపట్టు. మూడే మూలాలు ఉంటాయి: మాట్లాడినవారు స్వయంగా చెప్పినది, వేరే తెలిసిన తేదీ నుంచి లెక్కించినది, రాసేవారు ప్రతిపాదిస్తున్నది. ‘చెప్పిన’, ‘లెక్కించిన’, ‘ప్రతిపాదించిన’ అని రాస్తే చాలు. మూడోది ఒప్పుకోలు వచ్చేదాకా గడువు కాదు, ప్రశ్న మాత్రమే.

కాంట్రాక్టరు సోమవారం అన్నాడు. ఆరోజు శుక్రవారం కనుక అది సెప్టెంబరు 15 అని సందేహం లేకుండా రాయవచ్చు, ఇది చెప్పిన గడువు, షరతుతో సహా. శుక్రవారం నాడే ఎవరైనా ‘వచ్చే శుక్రవారం’ అని ఉంటే 19వ తేదీయా, 26వ తేదీయా అని అడగవలసి వచ్చేది. ‘నాలుగు రోజుల్లో’ అన్నదాన్ని మాత్రం క్యాలెండరులో నాలుగు గడులు లెక్కపెట్టి రాయకూడదు. మన మాటలో ‘నాలుగు రోజులు’ అంటే కొద్ది రోజులు అని. ‘నాలుగు డబ్బులు’, ‘నలుగురూ’ అన్నట్టే అది సంఖ్య కాదు. పైగా ఆ నాలుగు రోజులు మొదలయ్యేది రసీదు అందిన తర్వాత, ఆ రసీదుకు తేదీ లేదు. కాబట్టి రెండు ప్రశ్నలు పుడతాయి. రసీదు ఏ తేదీకి అందుతుందన్నది ఏఈని అడగాలి. రసీదు అందాక ఎక్కువలో ఎక్కువ ఎన్ని పనిదినాలు పడుతుందన్నది విద్యుత్ ఇంజినీరును అడగాలి. ‘ఎక్కువలో ఎక్కువ’ అని అడగడం ముఖ్యం. ఎప్పుడవుతుందని అడిగితే జనం అన్నీ కలిసివస్తే పట్టే కాలమే చెబుతారు.

ఇక ‘పండగలోపు’. విజయనగరంలో సెప్టెంబరు నెలలో ఆ మాట అంటే చాలామందికి మొదట తట్టేది పైడితల్లి అమ్మవారి పండగే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం, దాని ముందురోజు తొలేళ్లు. 2025లో దసరా అక్టోబరు 2, గురువారం, కాబట్టి సిరిమాను అక్టోబరు 7. కానీ ‘పండగ’ అంటే దసరాయే కావచ్చు, అక్టోబరు 20న వచ్చే దీపావళీ కావచ్చు. ఒక్క మాటలో పద్దెనిమిది రోజుల తేడా ఉంది. దీనికి తోడు ‘లోపు’ అన్నప్పుడు ఆ రోజు కూడా కలుస్తుందా, ముందురోజుతోనే ముగుస్తుందా అన్నది మనిషిని బట్టి మారుతుంది. ఇలాంటి చోట రాసేవారు తమకు సహజంగా తోచిన పండగను ఎంచుకోవడమే అసలు ప్రమాదం. ఎంచుకున్నట్టు వారికే తెలియదు.

తేదీని తేల్చడానికి మనుషులను అడిగేముందు పనినే అడగవచ్చు. కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28 రోజులకు నిర్ధారిస్తారు. అదే కాంక్రీటుతో పోసిన ఘనాల మీద 7 రోజులకు చేసే పరీక్ష ముందస్తు సూచన మాత్రమే. సోమవారం, 15న ఆఖరి లిఫ్టు పడితే 28 రోజులు పూర్తయ్యేది అక్టోబరు 13న. ఆ ఫలితం చూశాకే ట్యాంకు నింపాలని, నింపాక వారం రోజులు నీటిమట్టం గమనించి కారడం లేదని తేల్చుకోవాలని ఈ పనిలో నియమం ఉందనుకుందాం. అప్పుడు ఊరికి నీళ్లు వదలగలిగే తొలి రోజు అక్టోబరు 20. అంటే సిరిమాను నాటికి ఈ ట్యాంకు నుంచి నీళ్లు రావడం లెక్క ప్రకారమే కుదరదు. దీపావళి నాటికి కూడా, ఒక్క రోజు కూడా జారకపోతేనే. కాల్‌లో ఉన్న ఐదుగురిలో ఒక్కరూ ఈ లెక్క వేయలేదు. ఆ మాట చివర్లో, అందరూ ఫోను పెట్టేయబోతున్నప్పుడు వచ్చింది.

అక్టోబరు 13న ట్యాంకు నింపడం మొదలుపెట్టాలంటే ఆనాటికి మోటారుకు కరెంటు ఉండాలి. విద్యుత్ ఇంజినీరు ఎక్కువలో ఎక్కువ పది పనిదినాలు అన్నారనుకుంటే, మధ్యలో దసరాకు నాలుగు పనిదినాలు సెలవుల్లో పోతాయనుకుని, వాటినీ, ఆదివారాలనూ, రెండో శనివారాన్నీ తీసివేసి వెనక్కి లెక్కిస్తే రసీదు సెప్టెంబరు 24 నాటికైనా ఆయనకు అందాలి. ఇది లెక్కించిన గడువు. ఏఈ దీన్ని నోటితో అనలేదు కనుక ఆయన హామీగా చూపించకూడదు, అయితే ఆయన ముందు పెట్టి అడగడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. ‘ఎప్పటికవుతుంది సార్’ అని అడిగితే మళ్లీ నాలుగు రోజులే వస్తుంది. ‘24 దాటితే 13న నింపలేం, కుదురుతుందా’ అని అడిగితే కుదురుతుందనో, కుదరదనో వస్తుంది.

నాలుగో మెట్టు ఒప్పుకోలు తీసుకోవడం. సంభాషణ వేడి తగ్గకముందే, అదే సాయంత్రం సందేశం వెళ్లాలి. మర్నాడు 13వ తేదీ రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం, సోమవారానికి ఎవరేమన్నదీ ఎవరికీ గుర్తుండదు. అందరికీ కలిపి ఒకే పట్టిక పంపి ‘అభ్యంతరాలుంటే చెప్పండి’ అనడం కన్నా ఎవరి వరుస వారికి ప్రశ్నగా పంపడం ఫలితమిస్తుంది. మౌనం ఇక్కడ కూడా అంగీకారం కాదు. ఏఈకి వెళ్లే సందేశం ఇలా ఉండవచ్చు:

“సార్, నమస్కారం. ఈరోజు కాల్‌లో మీ వైపు రెండు విషయాలు రాసుకున్నాను. ఒకటి, కరెంటు దరఖాస్తు సంగతి మీరు చూస్తానన్నారు. దరఖాస్తు ఇచ్చి, డబ్బు కట్టి, రసీదు విద్యుత్ విభాగానికి చేర్చడం మీరే చేస్తారని రాయవచ్చా? అక్టోబరు 13న ట్యాంకు నింపాలంటే సెప్టెంబరు 24 నాటికి రసీదు చేరాలి, ఆ తేదీ మీకు కుదురుతుందా? రెండు, పైపుల లోడు బయలుదేరే తేదీ కంపెనీ నుంచి రాతలో తెప్పించడానికి 16, మంగళవారం సాయంత్రం అని ప్రతిపాదిస్తున్నాను. ఈ రెండు తేదీలూ కాల్‌లో మీరు చెప్పినవి కావు, నేను వేసినవి. సోమవారం మధ్యాహ్నంలోగా అవునో కాదో చెప్పగలరు.”

ఈ సందేశంలో అన్నిటికన్నా విలువైన వాక్యం చివరిదానికి ముందున్నది. ఆ తేదీలు తనవి కావని తెలిస్తే ఏఈ వాటిని మార్చడానికి మొహమాటపడడు. తాను అన్నట్టే రాసి పంపితే, కాల్‌లో ఏదో అన్నానేమోనని సరేనంటాడు, ఆ సరేకు విలువ ఉండదు. కాంట్రాక్టరు విషయంలో సోమవారం మధ్యాహ్నం దాకా ఆగడానికి వీల్లేదు, పని ఆరోజే ఉంది. కూలీలు కుదిరారో లేదో ఆదివారం సాయంత్రమే ఫోనులో అడిగి, కుదరకపోతే లిఫ్టు ఏ రోజు పడుతుందో అప్పుడే రాసుకోవాలి. లిఫ్టు ఒక రోజు జారితే 13, 20 కూడా ఒక్కో రోజు జరుగుతాయి. ‘ఇది ఏ పని మీద ఆధారపడింది’ అని జాబితాలో ఒక గడి ఉంటే ఈ జారుడు వెంటనే కనిపిస్తుంది.

పని పూర్తయిందని దేనిని బట్టి తెలుస్తుందో కూడా ప్రతి వరుసలో ఉండాలి. లిఫ్టుకు ఘనాలు పోసిన తేదీ ఉన్న రిజిస్టరు పేజీ ఫొటో, దరఖాస్తుకు రసీదు, లోడుకు కంపెనీ ఉత్తరం. ‘ఫాలో అప్ చేయడం’, ‘సమన్వయం చేసుకోవడం’ అని రాసిన పనికి ఇలాంటి రుజువు ఏదీ దొరకదు, కాబట్టి వారం వారం అదే వరుస అదే మాటలతో మళ్లీ కనిపిస్తుంది.

జాబితా సరిగా రాలేదని ముందే పసిగట్టడానికి కొన్ని గుర్తులున్నాయి. గడువులన్నీ తర్వాతి కాల్ ఉన్న 19వ తేదీ దగ్గరే పోగుపడితే అవి ఎవరూ ఇచ్చినవి కావు, రాసినవారు సౌకర్యం కోసం వేసినవి. ఎక్కువ మాట్లాడిన మనిషి పేరే సగం వరుసల్లో ఉంటే బాధ్యతను గొంతును బట్టి పంచారన్నమాట. ప్రతిపాదించిన గడువు ఒక్కటి కూడా లేని జాబితా మరీ అనుమానించదగినది, ఇంత అస్పష్టంగా సాగిన కాల్ నుంచి అంత శుభ్రమైన జాబితా రాదు. ముఖ్యమైన కాల్ అయితే ఇద్దరు విడివిడిగా జాబితా తీసి పోల్చుకోవడం మంచి పరీక్ష. ఇద్దరికీ తేడా వచ్చిన చోట వారిలో ఎవరు సరైనవారో వాదించుకోనక్కరలేదు, ఆ మాటే రెండు అర్థాలిచ్చేదని గ్రహించి అన్నవారిని అడగాలి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. కొన్ని మాటలు తెలిసే అస్పష్టంగా ఉంటాయి. కూలీలు దొరుకుతారో లేదో కాంట్రాక్టరుకు నిజంగానే తెలియదు. ఆయన చేత తేదీ పలికించినంత మాత్రాన కూలీలు రారు. అలాంటి చోట పని గడువుకు బదులు కబురు గడువు తీసుకోవాలి: లిఫ్టు ఎప్పుడు వేస్తాడో చెప్పలేకపోయినా, ఎప్పుడు చెప్పగలడో ఆయన చెప్పగలడు. పై అధికారి ముందు తేదీ ఇవ్వడానికి జంకే మనిషి విడిగా ఫోను చేస్తే ఇస్తాడు, కనుక అందరి ముందు నిలదీసి రాబట్టిన తేదీ కన్నా విడిగా అడిగి తెలుసుకున్నది నిలుస్తుంది.

చివరి మాట దగ్గరికి వస్తే, కాంట్రాక్టరుకు పంపిన ప్రశ్న చిన్నదిగానే ఉండాలి: “పండగలోపు అన్నారు, ఏ పండగ? లిఫ్టు 15న పడితే నీళ్లు అక్టోబరు 20 కన్నా ముందు రావని లెక్క చెబుతోంది.” దానికి ఆయన నుంచి “దీపావళే నేనన్నది” అని జవాబు రావచ్చు. డీఈ మాత్రం ఆ సాయంత్రం నుంచీ సిరిమాను నాటికి ఊళ్లో కుళాయిలు తిరుగుతాయని అనుకుంటూ ఉండవచ్చు. అప్పుడు జాబితా పై వరుసలో పెట్టవలసినది తేదీ కాదు, డీఈ తేల్చవలసిన రెండు విషయాలు: నీళ్లు వదిలే రోజుగా అక్టోబరు 20ని, జారే అవకాశంతో సహా, ఆయన ఒప్పుకుంటారా అన్నది ఒకటి, రోడ్డు తవ్వకం అనుమతి ఎవరు తెస్తారన్నది రెండోది. రెంటి పక్కనా బాధ్యుడి గడిలో డీఈ హోదా, గడువుగా ‘సెప్టెంబరు 15, ప్రతిపాదించిన’ అని ఉంటాయి.